బేరింగ్ నంబరులో బయటి డయా ఉండదు: ఆ మెసేజ్‌కి నా జవాబు

"ప్రతి మెకానిక్ తెలుసుకోవాల్సిన ట్రిక్! బేరింగ్ నంబరు చూసి మూడు కొలతలూ నోటితో చెప్పేయండి. 1. చివరి రెండంకెలను 5తో గుణిస్తే లోపలి డయా. 2. లోపలి డయాను రెట్టింపు చేసి 2 కలిపితే బయటి డయా. 3. రెండో అంకె వెడల్పు చెబుతుంది. 4. చివర ఉండే అక్షరాలు క్వాలిటీ గుర్తులు, C3 అంటే మూడో రకం సరుకు. ఉదాహరణకు 6205: లోపల 25, బయట 52. చెక్ చేసుకోండి, అందరికీ పంపండి."

ఈ నెలలో ఇది నాకు రావడం ఆరోసారి. ఈసారి పంపింది మా అక్క కొడుకు. ఐటీఐలో ఫిట్టర్ చదువుతున్నాడు. "మామయ్యా, ఇది కరెక్టేనా?" అని అడిగి మరీ పంపాడు. మిగతా ఐదుగురూ అడగకుండానే పంపారు. వాళ్లలో ఇద్దరు రోజూ బేరింగులు మార్చేవాళ్లే. అందుకే ఈ జవాబు వాడికి ఒక్కడికే కాకుండా అందరికీ రాస్తున్నాను.

నాలుగో మాట సంగతి ముందు తేల్చేద్దాం. ZZ అంటే రెండు పక్కలా రేకు మూతలు, 2RS అంటే రెండు పక్కలా రబ్బరు సీళ్లు. 6205, 6205ZZ, 6205-2RS మూడింటి కొలతలూ ఒకటే. C3 అంటే బాల్స్‌కీ రింగులకీ మధ్య మామూలు కంటే కాస్త ఎక్కువ ఖాళీ వదిలి చేసిన బేరింగ్. మోటారు నడుస్తుంటే లోపలి రింగు బయటి రింగు కంటే ఎక్కువ వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఆ వ్యాకోచానికి చోటు కావాలనే C3 వేస్తారు. దాన్ని మూడో రకం సరుకని తిరిగి ఇచ్చేసి మామూలుది బిగిస్తే, లోపల ఖాళీ చాలక బిగుసుకుపోయి వేడెక్కుతుంది.

మొదటి మాట సగం నిజం. 04 నుంచి 5తో గుణించడం సరైనదే. 04కి 20, 05కి 25, 12కి 60. అంతకు ముందున్న నాలుగింటికి మాత్రం గుణకారం పనికిరాదు, వాటిని గుర్తు పెట్టుకోవాల్సిందే: 00కి 10, 01కి 12, 02కి 15, 03కి 17. మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్లకు ఎక్కువగా పడేవి 6201, 6202. మెసేజ్ లెక్కన అవి 5, 10 మిల్లీమీటర్లు కావాలి, నిజానికి 12, 15. ఇంట్లో అందరికంటే ముందు చేతికి వచ్చే బేరింగ్ దగ్గరే తప్పిన లెక్కను "చెక్ చేసుకోండి" అని పంపుతున్నారు. ఒక్కరైనా చెక్ చేశారా?

మూడంకెల నంబర్లు ఇంకో రకం. 608లో చివరి 8 ఒక్కటే లోపలి డయా, అంటే 8 మిల్లీమీటర్లు. 08గా చదివి 5తో గుణిస్తే 40 వస్తుంది. గీత ఉన్న నంబర్లూ ఉన్నాయి. 62/22లో గీత తర్వాతది నేరుగా మిల్లీమీటర్లలో ఉన్న లోపలి డయా, అంటే 22. దాని బయటి డయా 50, వెడల్పు 14. ఫోన్లో టైపు చేస్తూ ఆ గీత వదిలేసి 6222 అని ఆర్డర్ పెడితే 110 లోపల, 200 బయట, 38 వెడల్పు ఉన్న బేరింగ్ వస్తుంది. అది రెండు చేతులతో ఎత్తాల్సిన సామాను.

ఇక రెండో మాట. నాకు కోపం తెప్పించేది ఇదే.

25 డయా షాఫ్ట్‌కు సరిపోయే బేరింగులు నాలుగు తీసుకోండి: 6005, 6205, 6305, 6405. నాలుగింటికీ చివర 05 ఉంది కాబట్టి లోపలి డయా 25. బయటి డయాలు మాత్రం వరుసగా 47, 52, 62, 80. మెసేజ్‌లోని లెక్క నాలుగింటికీ 52 అనే చెబుతుంది. ఎందుకంటే అది రెండో అంకెను అసలు చూడనే చూడదు. ఒకే షాఫ్ట్‌కు చిన్న, పెద్ద బేరింగులను వేరు చేసేందుకే ఆ అంకె ఉంది. దాన్ని పక్కన పెట్టి బయటి డయా చెప్పడం ఎలా కుదురుతుంది?

రెండో అంకె మిల్లీమీటర్లు చెప్పదు. బయటి డయాను ఏ వరుసలో వెతకాలో చెబుతుంది. 0 వరుస సన్నది, 2 దానికంటే పెద్దది, 3 ఇంకా పెద్దది, 4 మరీ పెద్దది. వరుస తెలిశాక, ఆ వరుసలో 25కి ఎదురుగా ఏముందో పట్టికలో చూడాలి. ఆ పట్టికను ఐఎస్ఓ 15 అనే ప్రమాణం ఖరారు చేసింది. అందుకే ఏ కంపెనీ 6205 అయినా ఒకే హౌసింగ్‌లో, అంటే బేరింగ్ పట్టే గూటిలో, కూర్చుంటుంది. మనం దుకాణంలో చూసే కేటలాగు ఆ పట్టికే. లోపలి డయా నంబరులోంచి చదువుకోవచ్చు. బయటి డయా, వెడల్పు పట్టికలోంచి తీసుకోవాల్సిందే.

ఈ లెక్క నమ్మితే ఏమవుతుందో మా పక్క షెడ్డులో కళ్లారా చూశాను. పిండిమర హౌసింగ్ ఒకటి బోరింగ్‌కు, అంటే లోపలి రంధ్రాన్ని కొలతకు కోయడానికి, వచ్చింది. వేయాల్సిన బేరింగ్ 6208. బేరింగ్ ఇంకా రాలేదు, గిరాకీవాళ్లు తొందర పెడుతున్నారు. కుర్ర టర్నర్ ఫోన్ తీశాడు. 40 రెట్టింపు 80, రెండు కలిపితే 82. హౌసింగ్ 82కి బోర్ చేసేశాడు. సాయంత్రం బేరింగ్ వచ్చింది. 6208 బయటి డయా 80. రెండు మిల్లీమీటర్ల ఖాళీలో బేరింగ్ గలగలలాడింది. అదే 6210 అయి ఉంటే లెక్కకు 102 వచ్చేది, నిజం 90. అంత తేడా ఉంటే వాడికి అనుమానం వచ్చి ఆగేవాడేమో. 82 నమ్మేలా ఉండబట్టే ఆగలేదు.

తీసేసిన ఇనుము మళ్లీ రాదు. ఆ ఖాళీలో ఒక మిల్లీమీటరు మందం బుష్, అంటే లోహపు గొట్టం ముక్క, కొట్టినా నిలవదు. చివరికి హౌసింగ్‌ను 90కి పెంచి, ఐదు మిల్లీమీటర్ల మందం ఉన్న బుష్ బిగించి, మళ్లీ 80కి బోర్ చేశారు. పోతలో అంత ఇనుము ఉంది కాబట్టి సరిపోయింది. రోజున్నర పని, ఆ కూలి కుర్రాడి జీతంలోంచే పోయింది. బోరింగ్‌కు ముందు పట్టికలో ఒక్క వరుస చూసి ఉంటే అయిపోయేది. అందుకే ఈ మెసేజ్ పంపేవాళ్లు "సరదాగా పంపాను" అంటే నేను ఊరుకోలేను.

ఇంకో తప్పు దీనికంటే నిశ్శబ్దంగా జరుగుతుంది. 6204కి ఈ లెక్క 42 అంటుంది. నిజం 47. కానీ 20 లోపల, 42 బయట ఉన్న బేరింగ్ నిజంగానే ఉంది, అది 6004. కొత్తగా తయారు చేసే హౌసింగ్ అయితే 42కి బోర్ చేసి, దానికి సరిపోయేది అడిగితే దుకాణంవాడు 6004 ఇస్తాడు. షాఫ్ట్‌కూ పడుతుంది, హౌసింగ్‌లోనూ పడుతుంది. ఎవరికీ అనుమానం రాదు. అది మోయగల బరువు మాత్రం 6204తో పోలిస్తే నాలుగింట మూడు వంతులే. కొన్ని నెలలకు శబ్దం మొదలైతే అందరూ బేరింగ్ కంపెనీని తిడతారు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఈ జవాబు రాసే ముందు పట్టిక తీసి వరసగా చూశాను. 6205కి 52, 6206కి 62, 6207కి 72. మూడింటికీ ఆ లెక్క అచ్చంగా సరిపోతుంది. ఇంత చక్కగా సరిపోతుందని నేనూ అనుకోలేదు. మోటార్ల పనిలో ఎక్కువగా తిరిగేవాటిలో ఈ మూడూ ఉంటాయి కాబట్టి, రాసినవాడు కావాలని అబద్ధం చెప్పలేదనే అనుకుంటున్నాను. చూసినంతలో నిజమే కనబడింది. పైన 6208 దగ్గరా, కింద 6204 దగ్గరా చూడకపోవడమే వాడి తప్పు.

ఆ పట్టికలోనే పనికొచ్చే పోలిక ఇంకొకటి ఉంది. 6304 బయటి డయా, 6205 బయటి డయా ఒకటే, 52. 6305, 6206 రెండూ 62. 6306, 6207 రెండూ 72. 6307, 6208 రెండూ 80. అక్కడితో సరి, 6308 దగ్గర పోలిక తెగిపోతుంది: దానికి 90, 6209కి 85. నంబరు చెరిగిపోయిన బేరింగ్ దగ్గర ఇదే మోసం చేస్తుంది. పోయిన వేసవిలో ఒక పంపు మోటారు తెచ్చారు. హౌసింగ్ 52, బేరింగ్ వెడల్పు 15. మెసేజ్‌ను వెనక్కి తిప్పితే 52లోంచి 2 తీసి సగం చేస్తే 25, కాబట్టి 6205. వెడల్పు కూడా 15, సరిపోయిందనే అనిపిస్తుంది. కానీ షాఫ్ట్‌ను వెర్నియర్‌తో కొలిస్తే 20 వచ్చింది. అక్కడ ఉండాల్సింది 6304. 6304కి, 6205కి బయటి డయా, వెడల్పు రెండూ ఒకటే, తేడా అంతా రంధ్రంలోనే. అంతకుముందు ఎవరో 6205 వేసి, షాఫ్ట్‌కు రెండున్నర మిల్లీమీటర్ల బుష్ తొడిగారు. ఆ బుష్ షాఫ్ట్ మీద జారి తిరిగి, షాఫ్ట్‌ను అరగదీసింది. మోటారు మా దగ్గరికి రావడానికి కారణం అదే. అందుకే నంబరు కనబడకపోతే మూడు కొలతలూ తీయాలి. మొదట షాఫ్ట్ కొలవాలి.

మూడో మాట గురించి ఎక్కువ చెప్పను. 62 కంటే 63 వెడల్పుగా ఉండటం నిజమే, 6205కి 15, 6305కి 17. కానీ అది వరుస పెద్దదైనందువల్ల వచ్చిన వెడల్పు. వెడల్పుకు వేరే అంకె ఉంది. 62, 63 వరుసల మామూలు బేరింగుల్లో అది 0 కాబట్టి రాయరు, 6 తర్వాత దాగి ఉంటుంది. వెడల్పు మామూలు కంటే ఎక్కువైనప్పుడు నంబరులో బయటపడుతుంది. 62205 అంటే 25 లోపల, 52 బయట, వెడల్పు 15 కాదు, 18. 63005 చూసి 6305 అనుకునేవాళ్లు ఉన్నారు. అది 6005కే వెడల్పాటి రూపం: 25, 47, 16.

కాబట్టి అల్లుడూ, నంబరు చదివేటప్పుడు ముందు అంకెలు నాలుగా, ఐదా లెక్కపెట్టు. ఐదు ఉంటే, 6 పక్కనున్నది వెడల్పు, దాని తర్వాతది బయటి డయా వరుస, చివరి రెండు రంధ్రం.