ఒక్క యూనిట్ భయం

మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంటులో నెలనెలా ఒక వ్రతం నడుస్తుంది. మీటరు 225 యూనిట్లకు దగ్గరపడగానే మూడో అంతస్తు మాస్టారింట్లో ముందు ఏసీ ఆగుతుంది, తర్వాత గీజరు, ఆపైన మిక్సీ. మొన్న మే నెలలో ఫ్రిజ్ కూడా ఆపేశారు. పెరుగు గిన్నె, దోసెల పిండి, అల్లుడి కోసం తెచ్చిన వంజరం ముక్కలు మా ఫ్రిజ్‌లో శరణార్థులుగా దిగాయి. కుటుంబమంతా బీచ్ రోడ్డులో అర్ధరాత్రి దాకా గాలి పోసుకుని, మీటరు నిద్రపోయాక ఇల్లు చేరారు.

"226 అయిందంటే మొత్తానికీ 8.75 వేసేస్తారు బాబూ! దాదాపు రెండు వేలు!" అన్నారాయన. రిటైరైంది లెక్కల మాస్టారుగానే.

ఆయన పెంచుకున్న భయాన్ని కూడికతో చెడగొట్టడం పాపమే, అయినా చేశాను. మొదటి 30 యూనిట్లకు 1.90 చొప్పున 57 రూపాయలు. తర్వాతి 45 యూనిట్లకు 3 చొప్పున 135. ఆపైన 50కి 4.50 చొప్పున 225. ఆ తర్వాతి వందకు 6 చొప్పున 600. అంటే 225 యూనిట్లకు 1017 రూపాయలు. 226వ యూనిట్ ఒక్కదానికే 8.75. కింది మెట్ల రేట్లు కదలవు. చివర్లో కలిపే ఫిక్స్‌డ్ ఛార్జీ యూనిట్లను చూడదు, లోడును చూస్తుంది. కిలోవాట్‌కు 10 చొప్పున మూడు కిలోవాట్లకు 30. ఎనిమిది రూపాయల డెబ్బై అయిదు పైసల కోసం వంజరం వలస వెళ్లిందన్న మాట.

అసలు చూడాల్సింది బిల్లు పైన ఉన్న రెండు తేదీలు. వాటిని మాస్టారు ఏనాడూ చూడలేదు, నేనూ చూడలేదు. మొన్న నా బిల్లులో చూస్తే రీడింగ్ 40 రోజులకు తీశారు. యూనిట్లు 300. రోజుకు ఏడున్నర, ఎప్పటి వాడకమే. మెట్లను కూడా 40 రోజులకు సాగదీస్తే 1356 రావాలి. సాగదీయలేదు. 225 దాటిన 75 యూనిట్లకూ 8.75 వేసి 1673.25 చేశారు.

"వచ్చే నెల తగ్గిపోతుంది సార్" అన్నారు కౌంటర్లో. ఎక్కడ తగ్గుతుంది? వచ్చే నెల 20 రోజులకే తీసి 150 యూనిట్లు వేసినా 567 అవుతుంది. రెండూ కలిపితే 2240.25. నెలకు 225 చొప్పున వేళకు తీసి ఉంటే 2034. ఆ 206 రూపాయలు ఎవడబ్బ సొమ్మని? నేను స్విచ్ వేసి కాల్చింది కాదు, మీరు గేటు దాకా రాకపోవడం వల్ల పడింది! నేను కట్టడం పది రోజులు ఆలస్యమైతే ఊరుకుంటారా?

అర్జీ ఇచ్చి లిఫ్ట్ ఎక్కుతుంటే మాస్టారు ఎదురొచ్చారు. ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపించాను. శ్రద్ధగా చదివి, కళ్లజోడు తీసి, గొంతు తగ్గించి అడిగారు:

"అయితే 225 దాటేశావన్న మాట?"