కన్నీళ్లు కాదు, నోరు చూడమ్మా

మొన్న మా బంధువుల గ్రూపులో "బాబాయి గారు రాత్రి కాలం చేశారు" అని మెసేజ్ వచ్చింది. పది నిమిషాలు తిరక్కుండానే దాని కింద అమ్మ పేరుతో 😂 పడింది. నేను కంగారుగా ఫోన్ చేస్తే ఆవిడ తాపీగా, "ఏడుస్తున్న బొమ్మే కదరా పెట్టాను, కళ్లల్లో నీళ్లు కనబడట్లేదా నీకు?" అంది.

ఆమెది తెలివితక్కువతనం అనను. వాట్సాప్‌లో మెసేజ్‌ని నొక్కి పట్టుకుంటే పైన మామూలుగా వచ్చే వరస 👍 ❤️ 😂 😮 😢 🙏. అందులో మూడోదీ ఐదోదీ రెండూ పసుపు ముఖాలే, రెండింటికీ నీలం నీళ్లే, బొమ్మ చూస్తే మినపగింజంత. కళ్లద్దాలు పక్కన పెట్టిన డెబ్బై ఏళ్ల మనిషికి ముందు కనిపించేది ఆ నీళ్లే. నిజానికి 😂కి అసలు పేరే ఆనందబాష్పాల ముఖం అన్న అర్థంలో పెట్టారు. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు ఆ ఏటి మాటగా ఎంచుకున్నది కూడా ఈ బొమ్మనే!

అందుకని అమ్మకి ఒకటే చెప్పాను: కళ్లు వదిలేసి నోరు చూడు. నోరు తెరుచుకుని పై పళ్లు కనిపిస్తే నవ్వు, పెదవులు కిందికి వంగి ఒక్క చుక్క జారితే బాధ. ముందే తప్పు నొక్కేశావా, మెసేజ్ కింద పడ్డ ఆ బొమ్మని తాకితే ఎవరెవరు ఏం పెట్టారో వస్తుంది, అందులో నీ పేరు మీద నొక్కితే పోతుంది. కాకపోతే అప్పటికే చూసినవాళ్లు చూసేసి ఉంటారు, కాబట్టి పిన్నికి ఫోన్ చేసి మాట్లాడటం తప్పలేదు.

ఇంతవరకూ బాగానే అర్థమైంది. చిక్కంతా 😭తో వచ్చింది. రెండు కళ్ల నుంచీ కాలువలు కట్టే ఈ ముఖం పేరు భోరున ఏడ్వడమే, అమ్మ తరం దాన్ని అలాగే వాడుతుంది, మా అబ్బాయి తరం మాత్రం నవ్వు ఆపుకోలేనప్పుడు పెడుతుంది. వాడు అమ్మ పంపిన పిల్లి వీడియో కింద 😭😭😭 పెడితే ఆవిడ వెంటనే "ఏమైందిరా నాన్నా" అని ఫోన్. దీనికి నోరు చూడమన్న నా సూత్రం పనికిరాదు. పెట్టింది ఎవరు, దేనికి పెట్టారు అని చూసుకోవాల్సిందే.

👍 సంగతీ అంతే. అమ్మకి అది "సరే నాన్నా", మనవడికి మాత్రం విసుగ్గా మాట తెంచేసినట్టు.

ఇప్పుడు అమ్మ అన్నిటికీ 🙏 పెట్టేస్తోంది. చావు కబురుకి సరిపోతుంది, పెద్దల ఆశీస్సుకీ సరిపోతుంది. నిన్న మా అబ్బాయి పరీక్ష పాసయ్యానని పెడితే దాని కింద కూడా అదే. "నానమ్మ నాకు దండం పెడుతోందేంటి?" అంటాడు వాడు.