ఒకటికి ఎంత దూరం? లంగరేసిన ఓడల లెక్కలో అసలు ప్రశ్న

విశాఖలో ఆర్కే బీచ్‌ రోడ్డు మీద నడుస్తూ సముద్రం వైపు చూస్తే దూరంగా లంగరేసుకున్న ఓడలు కనిపిస్తుంటాయి. బెర్తు ఖాళీ అయితే అవి డాల్ఫిన్స్ నోస్ పక్క నుంచి హార్బరులోకి వస్తాయి, సరుకు దించుకుంటాయి లేదా ఎత్తుకుంటాయి, వెళ్లిపోతాయి. ఒక్కోసారి తుపాను హెచ్చరిక వచ్చి, బెర్తులో ఉన్న ఓడ మళ్లీ బయటికి పోవలసి వస్తుంది. ఈ రాకపోకలను లెక్కలోకి దించినప్పుడు, వచ్చిన ప్రతి ఓడా ఎప్పటికైనా వెళ్లిపోతుందని ఏ ఆధారంతో చెప్పగలం? సగటున ఎన్నాళ్లుంటుందో లెక్కగట్టే ముందు, అసలు ఆ సగటు అనేది ఉందని ఎలా తెలుస్తుంది?

దీనికి మార్కోవ్ గొలుసుల సిద్ధాంతంలో ఒక జవాబుంది. రేపు ఎక్కడ ఉంటామన్న సంభావ్యత ఈ రోజు ఎక్కడ ఉన్నామన్నదాని మీదే ఆధారపడే నమూనా మార్కోవ్ గొలుసు. గొలుసులోని స్థితులను రెండు రకాలుగా విడగొడతారు. ఒకసారి చేరితే తిరిగి రాలేనివి శోషక స్థితులు, తిరుగుతూ ఉండేవి తాత్కాలిక స్థితులు. తాత్కాలిక స్థితుల మధ్య రాకపోకల సంభావ్యతలను మాత్రమే ఒక మాత్రికగా రాసి Q అంటారు. Q తో గుణించినప్పుడు ఒక సదిశ కేవలం λ రెట్లయితే ఆ λ ను Q కి ఐగెన్ విలువ అంటారు. ఆ Q ఐగెన్ విలువలన్నీ పరిమాణంలో ఒకటికి లోపే ఉంటాయన్నది సిద్ధాంతం. ఎందుకని అడిగితే తరగతి గదుల్లో తరచూ వినిపించే జవాబు, 'అడ్డు వరుసల మొత్తం ఒకటికి తక్కువ కాబట్టి' అని. ఆ జవాబు చాలా సందర్భాల్లో తప్పు. అసలు కారణం వేరే చోట ఉంది. అది తెలిస్తేనే ఈ హామీ ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చెయ్యదో తెలుస్తుంది.

ఓడల లెక్కనే తీసుకుందాం. అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవి, పోర్టు రికార్డులవి కావు. లంగరులో ఉన్న ఓడ మర్నాడు కూడా అక్కడే ఉండే అవకాశం 0.6, బెర్తుకు వచ్చే అవకాశం 0.4. బెర్తులో ఉన్న ఓడ మర్నాడు లంగరుకు తిరిగి వెళ్లే అవకాశం 0.1, బెర్తులోనే ఉండేది 0.7, రేవు విడిచి వెళ్లేది 0.2. వెళ్లిపోవడమే శోషక స్థితి. మొదటి వరుస లంగరుది, రెండోది బెర్తుది అనుకుంటే తాత్కాలిక భాగం ఇది:

```
Q = | 0.6  0.4 |
    | 0.1  0.7 |
```

మొదటి వరుస కూడితే సరిగ్గా 1 వస్తుంది. లంగరులో ఉన్న ఓడ ఒక్క రోజులో లెక్కలోంచి బయటపడే దారి లేదు, ముందు బెర్తుకు రావాలి. కాబట్టి వరుసల మొత్తం ఒకటికి తక్కువన్న వాదన మొదటి వరుస దగ్గరే ఆగిపోతుంది. మరి ఐగెన్ విలువల సంగతేమిటి?

రెండు రోజుల లెక్క చూడండి. Q ను Q తో గుణిస్తే మొదటి వరుస 0.40, 0.52 అవుతుంది, మొత్తం 0.92. రెండో వరుస 0.13, 0.53, మొత్తం 0.66. అంటే ఓడ ఎక్కడి నుంచి మొదలైనా, రెండు రోజుల తర్వాత ఇంకా ఇక్కడే ఉండే అవకాశం 0.92 దాటదు. ఒక రోజులో కనిపించని లీకు రెండు రోజుల్లో కనిపించింది. ఇదే అసలు కారణం: ప్రతి తాత్కాలిక స్థితి నుంచి ఏదో ఒక శోషక స్థితికి దారి ఉండాలి, అది ఎన్ని అడుగుల దారైనా సరే. n తాత్కాలిక స్థితులుంటే ఆ దారి n అడుగుల్లోపే ఉంటుంది, ఎందుకంటే వచ్చిన చోటికే మళ్లీ వచ్చే చుట్లను కత్తిరించెయ్యవచ్చు. అందువల్ల Q ను n సార్లు గుణించిన మాత్రికలో ప్రతి అడ్డు వరుస మొత్తమూ ఒకటికి తక్కువ. స్థితులు పరిమితం కాబట్టి ఆ మొత్తాల్లో అన్నిటికంటే పెద్దదాన్ని పట్టుకోవచ్చు, దాన్ని r అందాం. అది కూడా ఒకటికి తక్కువే.

ఇక్కడి నుంచి ఐగెన్ విలువకు వెళ్లడం రెండు వాక్యాల పని. Q కి λ ఒక ఐగెన్ విలువ అయితే, దాని సదిశలో పరిమాణంలో అన్నిటికంటే పెద్ద అంశాన్ని తీసుకోండి. n అడుగుల తర్వాత ఆ అంశం λ ఘాతం n రెట్లవుతుంది. కానీ అది మిగతా అంశాలను Q ఘాతం n వరుసలోని సంభావ్యతలతో గుణించి కూడగా వచ్చినదే, వాటిలో ఏదీ దీనికన్నా పెద్దది కాదు, ఆ సంభావ్యతల మొత్తం r దాటదు. కాబట్టి λ ఘాతం n పరిమాణం r ను మించలేదు, λ పరిమాణం ఒకటిని చేరలేదు. λ రుణ సంఖ్య అయినా, సంకీర్ణ సంఖ్య అయినా ఈ వాదన మారదు. 'పరిమాణంలో' అన్న మాట అందుకే అవసరం. రెండు స్థితులు బయటికి దారి లేకుండా రోజుకొకటిగా చోట్లు మార్చుకుంటూ ఉంటే ఐగెన్ విలువలు 1, −1 అవుతాయి. −1 ఒకటి కన్నా చిన్నదే కదా అని సంతోషించే వీల్లేదు.

మన ఓడల Q కి ఐగెన్ విలువలు సుమారు 0.856, 0.444. రెండు రోజుల వాదన ఇచ్చేది వీటికన్నా వదులైన హద్దు: 0.92 వర్గమూలం, అంటే దాదాపు 0.959. ముప్పై రోజుల తర్వాత కూడా ఓడ ఇక్కడే ఉండే అవకాశం 0.92 ఘాతం 15, అంటే సుమారు 0.29 దాటదని ఆ హద్దు చెబుతుంది. అసలు విలువ, లంగరు నుంచి మొదలైన ఓడకు, 0.013. నిరూపణకు వాడిన హద్దునే అంచనాగా వాడితే వందకు ఒకటి అనవలసిన చోట వందకు ఇరవై తొమ్మిది అంటాం. హామీ ఇవ్వడానికి ఒక సంఖ్య, అంచనాకు ఇంకొకటి. ఈ తేడా మరిచిపోవడం నేను తరచూ చూసే పొరపాటు.

ఇక ఈ హామీ ఏమేమి ఇస్తుంది? మొదటిది, వెళ్లిపోవడం తథ్యం: ఉండిపోయే అవకాశం గుణశ్రేఢిలా తరిగి సున్నాకు చేరుతుంది. రెండోది, సగటు పరిమితం. లంగరు నుంచి మొదలైన ఓడ సగటున గడిపే రోజులను a, బెర్తు నుంచి మొదలైనదానివి b అనుకుంటే, a = 1 + 0.6a + 0.4b, b = 1 + 0.1a + 0.7b. సాధిస్తే a 8.75, b 6.25. ఈ సమీకరణాలకు జవాబు ఉండటం, అది ఒక్కటే కావడం, Q కి 1 ఐగెన్ విలువ కాకపోవడం వల్లే. కొంచెం లోపలికి చూస్తే, I+Q+Q²+... అనే అనంత మొత్తం ఒక చోట నిలబడి, (I−Q) కి విలోమం అవుతుంది. దాని మొదటి వరుస 3.75, 5. లంగరులో గడిపే సగటు రోజులు 3.75, బెర్తులో 5. రెండూ కలిస్తే 8.75.

దారి తెగిన చోట ఏమవుతుందో చూడటానికి ఇవే సమీకరణాలు పనికొస్తాయి. బకాయిల వివాదంలో కోర్టు ఉత్తర్వుతో ఓడను నిలిపివేయడం సముద్ర వాణిజ్యంలో ఉన్నదే. బెర్తు నుంచి ఆ 'నిలిపివేత'కు 0.01 అవకాశం పెట్టి, వెళ్లిపోయేదాన్ని 0.19 చేద్దాం. మనకున్న నెల రోజుల రికార్డులో నిలిపివేసిన ఓడ ఏదీ విడుదల కాలేదనుకోండి. ఆ స్థితి నుంచి అదే స్థితికి సంభావ్యత 1. దాన్ని పొరపాటున తాత్కాలిక స్థితుల్లోనే ఉంచేస్తే దాని సమీకరణం d = 1 + d. అంటే సున్నా సమానం ఒకటి. Q కి ఐగెన్ విలువ 1 వచ్చింది, విలోమం లేదు.

కంప్యూటర్ ఇక్కడ తప్పని చెప్పి ఆగిపోతే మంచిదే. ప్రమాదం ఆగనప్పుడు. ఎక్కడో సవరింపులో ఆ 1 కాస్తా 0.9999999 అయిందనుకోండి. విలోమం హాయిగా వచ్చేస్తుంది. నిలిపివేతలో సగటు కాలం కోటి రోజులు. ఓడ ఆ దారి పట్టే అవకాశం 0.01 కి 0.19 నిష్పత్తిలో, అంటే నూటికి అయిదు. కాబట్టి లంగరేసిన ప్రతి ఓడకూ సగటు నిరీక్షణ దాదాపు 5 లక్షల రోజులని జవాబొస్తుంది. సంఖ్య ఇంత వింతగా ఉంటే ఎవరైనా పట్టేస్తారు. 0.999 అయి సగటు 60 రోజుల చుట్టుపక్కల తేలితే పట్టరు. అందుకే నా అభిప్రాయం, ఐగెన్ విలువలు కట్టి ఒకటికి లోపున్నాయా అని చూడటం తప్పు తనిఖీ. శోషక స్థితుల నుంచి వెనక్కి నడవండి: ఏ స్థితుల నుంచి నేరుగా ఇక్కడికి రావచ్చు, వాటికి ఎక్కడి నుంచి రావచ్చు అని చూసి, ఆ స్థితులకు గుర్తు పెడుతూ పోండి. గుర్తు పడని తాత్కాలిక స్థితి మిగిలితే వర్గీకరణ తప్పు. దీనికి దశాంశాలు అక్కర్లేదు, ఏ విలువ సున్నా, ఏది కాదు అన్నది చాలు. నిలిపివేతను కూడా శోషక స్థితిగా రాస్తే అంతా సర్దుకుంటుంది. సగటు మళ్లీ 8.75 రోజులే, ముగింపు మాత్రం 95 శాతం ప్రయాణం, 5 శాతం నిలిపివేత.

హామీ పనిచేసే చోట కూడా అది వేగం గురించి ఏమీ చెప్పదు. బెర్తు నుంచి వెళ్లే అవకాశాన్ని 0.2 నుంచి 0.02 కి తగ్గించి, తగ్గినదాన్ని బెర్తులోనే ఉండేదానికి కలిపితే (0.88) పెద్ద ఐగెన్ విలువ 0.856 నుంచి 0.984 అవుతుంది. రెండూ ఒకటికి లోపే, చూడటానికి తేడా ఎంతో లేదు. కానీ లంగరు నుంచి సగటు 8.75 రోజుల నుంచి 65 రోజులకు ఎగబాకింది. చూడవలసింది ఐగెన్ విలువను కాదు, ఒకటి నుంచి అది ఎంత దూరంలో ఉందన్నదాన్ని. మొదటి సందర్భంలో ఆ దూరం 0.144, రెండో దానిలో 0.016. దూరం తొమ్మిదో వంతు అయింది, నిరీక్షణ ఏడు రెట్ల పైన పెరిగింది. ఈ దూరం చిన్నదైనప్పుడు, రికార్డుల నుంచి తీసిన అంచనాలో వెయ్యో వంతు పొరపాటు కూడా సగటును రోజుల లెక్కలో కదిలిస్తుంది.

చివరిగా ఒక షరతు. ఇదంతా ప్రతి రోజూ ఒకే Q పనిచేస్తుందన్న ఊహ మీద నిలబడింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరం దాటినప్పటి రోజులకు, మామూలు రోజులకు ఒకే మాత్రిక సరిపోదు. మాత్రిక రోజూ మారుతుంటే, ప్రతి రోజు మాత్రికకూ ఐగెన్ విలువలు ఒకటికి లోపున్నా హామీ చెయ్యి జారిపోవచ్చు. ఒకే తాత్కాలిక స్థితి ఉందనుకోండి. వెళ్లే అవకాశం మొదటి రోజు 1/4, రెండో రోజు 1/9, మూడో రోజు 1/16, అలా తరుగుతూ పోతుంది. రోజువారీ ఐగెన్ విలువలు 3/4, 8/9, 15/16... అన్నీ ఒకటికి లోపే. వాటిని వరసగా గుణిస్తూ పోతే లబ్ధం సున్నాకు చేరదు, సగం దగ్గర నిలుస్తుంది. అంటే ఎప్పటికీ వెళ్లకుండా ఉండిపోయే అవకాశం నూటికి యాభై. మారే మాత్రికలతో పని చేసేవాళ్లు రాబట్టుకోవలసింది, ఫలానా ఇన్ని రోజుల గడువులో, ఎక్కడి నుంచి మొదలైనా, ఏ రుతువులోనైనా, వెళ్లే అవకాశం ఫలానా దానికన్నా తగ్గదు అని చెప్పే ఒకే ఒక్క కనీస సంఖ్యను.