96 శాతం ఏకాభిప్రాయం: ఒక ఘనవిజయం

మా ఇంట్లో కూరలో ఉప్పు సరిపోయిందా లేదా అన్నదాని మీదే ఏ రోజూ ఏకాభిప్రాయం రాలేదు, అలాంటిది బెంజ్ సర్కిల్ దగ్గర మా ఆఫీసులో తెలుగు ట్రీబ్యాంక్ చేసే ఇద్దరికి వెయ్యి మాటల్లో 960 కలిసాయంటే మేనేజర్ గారు స్వీట్లు పంచడం న్యాయమే. ట్రీబ్యాంక్ అంటే వాక్యంలో ప్రతి మాట దేనికి వేలాడుతుందో బాణం గీసి, ఆ బాణానికి ఓ పేరు పెట్టడం, అంతే. (అంకెలు గుండ్రంగా చేసి చెప్తున్నా, లెక్క తేలిగ్గా ఉండాలని.)

స్వీటు తింటూ నేను చేసిన పాపం ఏంటంటే, కలవని ఆ 40 ఎక్కడున్నాయో చూడటం. అన్నీ ఒకే చోట, 'చేయు' ముందున్న నామం దగ్గర! 'ఫోన్ చేశాడు'లో ఫోన్ కర్మ, అంటే k2 అని విజయవాడ అమ్మాయి, కాదు అది క్రియలో భాగం, pof అని గుంటూరు అన్నయ్య. రెండిట్లోనూ బాణం క్రియకే పోతుంది కాబట్టి బాణాలు మాత్రమే లెక్కపెట్టే UAS అనే స్కోరుకి ఈ గొడవ కనపడనే కనపడదు, పేరు కూడా చూసే LAS స్కోరులోనేమో 96 శాతం వెనక దాక్కుంటుంది.

అలాంటి నామాలు మొత్తం 100. ఇద్దరూ k2 అన్నవి 58, ఇద్దరూ pof అన్నవి 2. అన్నయ్య pof అని అమ్మాయి k2 అన్నవి 38, తిరగేస్తే 2. అరవై కలిసాయిగా అంటారా, కానీ ఆమె 96 సార్లు k2 కొట్టింది, ఆయన 60 సార్లు కొట్టాడు, కళ్లు మూసుకుని కొట్టినా 59.2 కలుస్తాయి. కోహెన్ 1960లో చెప్పిన కప్పా అనే కొలత ఆ అదృష్టాన్ని తీసేస్తుంది:

```
(0.60 - 0.592) / (1 - 0.592) = 0.02
```

అంటే సున్నాకి పక్కింట్లో. పైగా 38కి 2 అంటే నిద్రమత్తు పొరపాటు కాదు, అదైతే రెండువైపులా దాదాపు సమానంగా ఉండేది. ఇద్దరి బుర్రలో రెండు రూల్సు ఉన్నాయి, గైడ్‌లైన్‌లో ఒక్కటీ లేదు.

మేనేజర్ గారి పరిష్కారం మహత్తరం: ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి టీ ఇప్పించి, మాట్లాడుకున్నాక వచ్చిన 100 శాతాన్ని రిపోర్టులో రాద్దామన్నారు. అది టీ కొలత, ఒప్పందం కొలత కాదండీ అంటే నా వైపు జాలిగా చూశారు.

చివరికి గైడ్‌లైన్‌లో రెండు పరీక్షలు రాశాం. వాక్యంలో ఇంకో కర్మ ఉందా? 'ఇల్లు శుభ్రం చేసింది'లో కర్మ ఇల్లే, కాబట్టి శుభ్రం pof. లేకపోతే 'ని' తగిలించి చూడు: 'ఆ గోంగూర పచ్చడిని చేసింది' నిలబడుతుంది, k2. 'ఫోన్‌ని చేశాడు' అంటే మాత్రం ఫోన్ల ఫ్యాక్టరీ పెట్టాడేమో అనిపిస్తుంది, pof. తర్వాత పాతవి కాకుండా కొత్త వాక్యాలిచ్చి, విడివిడిగా చేయించి, మళ్లీ కొలిచాం, చాలావరకు దారిలో పడింది.

'కూతురికి పెళ్లి చేశాడు' మాత్రం పడలేదు. 'పెళ్లిని ఘనంగా చేశాడు' అని కూడా అంటాం కదా. ఆ వరస ఇంకా షీట్‌లో పసుపు రంగులోనే ఉంది, పెళ్లికి పసుపు శుభమే కదా, ఉండనివ్వండి అన్నారు మేనేజర్ గారు.