హెచ్‌పీకి ఒక కేవీఏఆర్? ఆ లెక్క మోటారుకే ముప్పు

“మోటారు ఎన్ని హెచ్‌పీలైతే అన్ని కేవీఏఆర్‌ల కెపాసిటర్ టెర్మినల్ దగ్గరే కట్టేయండి. ఎంత పెద్దది పెడితే అంత మంచిది. మోటారు కరెంటు తక్కువ లాగుతుంది, చల్లగా ఉంటుంది, బిల్లు 30 శాతం తగ్గుతుంది.”

ఈ మాటల్లో ఏదీ ఉన్నదున్నట్టు నిలబడదు. కేవీఏఆర్ అంటే రియాక్టివ్ పవర్‌ను, కెపాసిటర్ సైజును కొలిచే యూనిట్. ఒక రైస్ మిల్లు మోటారును తీసుకుని లెక్క వేద్దాం: 50 హెచ్‌పీ, 415 వోల్ట్లు. మిల్లు ఆడుతున్నప్పుడు మీటర్లో 30 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.78, టాంగ్ టెస్టర్‌లో ఫేజుకు 53.5 ఆంపియర్లు.

ముందు సైజు. కెపాసిటర్‌ను తేల్చేది నేమ్ ప్లేట్ మీది హెచ్‌పీ కాదు; మోటారు నిజంగా లాగుతున్న కిలోవాట్లు, ఇప్పటి పవర్ ఫ్యాక్టర్, మనకు కావాల్సిన పవర్ ఫ్యాక్టర్. సూత్రం చిన్నదే. ఇందులో P కిలోవాట్లు; φ1, φ2 అనే కోణాల కొసైన్లే ఇప్పటి, కావాల్సిన పవర్ ఫ్యాక్టర్లు.

```
Qc = P × (tan φ1 − tan φ2)
   = 30 × (0.802 − 0.251) ≈ 16.5 kVAR
```

0.78 నుంచి 0.97కు తేవడానికి ఇంతే కావాలి. 15 కేవీఏఆర్ పెట్టినా పవర్ ఫ్యాక్టర్ 0.957కు వస్తుంది, లైన్ కరెంటు 43.6 ఆంపియర్లకు దిగుతుంది.

ఇప్పుడు “ఎంత పెద్దదైతే అంత మంచిది” అనేవాళ్ల మాట విని 50 పెట్టామనుకోండి. మోటారు తన అయస్కాంత క్షేత్రం కోసం తీసుకునే రియాక్టివ్ పవర్ 24 కేవీఏఆర్. మిగతా 26 లైనులోకి ఎదురు వెళ్తుంది. పవర్ ఫ్యాక్టర్ లీడింగ్ వైపు 0.76కు పడిపోతుంది, లైన్ కరెంటు 55 ఆంపియర్లు. కెపాసిటరే లేనప్పటికన్నా ఎక్కువ! డబ్బు పెట్టి కొనుక్కున్న నష్టం ఇది.

అసలు ప్రమాదం మాత్రం స్విచ్ ఆపినప్పుడు బయటపడుతుంది, దాన్ని ఎవరూ చెప్పరు. కెపాసిటర్ స్టార్టర్ తర్వాత మోటారు టెర్మినల్ మీదే ఉంటే, కాంటాక్టర్ తెరుచుకున్నాక కూడా ఆ రెండూ కలిసే ఉంటాయి. రోటర్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. దానికి కావాల్సిన మాగ్నటైజింగ్ కరెంటును కెపాసిటర్ అందించేస్తే మోటారు కాసేపు జనరేటర్ అవుతుంది. కెపాసిటర్ మరీ పెద్దదైతే టెర్మినల్ వోల్టేజీ రేటింగ్ దాటిపోయి, వైండింగ్ ఇన్సులేషన్ మీదా కెపాసిటర్ మీదా దెబ్బ పడుతుంది. ఆ వోల్టేజీ చావకముందే ఆపరేటర్ మళ్లీ స్టార్ట్ నొక్కితే, రెండు వోల్టేజీలు ఢీకొని షాఫ్టుకూ కప్లింగ్‌కూ గట్టి కుదుపు తగులుతుంది.

అందుకే టెర్మినల్ దగ్గర కట్టే కెపాసిటర్‌కు ఒక హద్దు పెట్టుకుంటారు: మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు తీసుకునే కేవీఏఆర్‌లో 90 శాతం మించకూడదు. కనుక్కోవడం కష్టమేమీ కాదు. బెల్టు తీసేసి మోటారు ఒక్కదాన్నే తిప్పి టాంగ్ పెట్టండి. మన మోటారు 24 ఆంపియర్లు చూపించిందనుకుంటే, అది సుమారు 17.2 కేవీఏఆర్; హద్దు 15.5. కాబట్టి 15 సరిపోతుంది. అంతకు మించి కావాలంటే అది మెయిన్ ప్యానెల్ దగ్గర, తన సొంత కాంటాక్టర్‌తో ఉండాలి. మోటారుకు వేగం మార్చే డ్రైవ్ ఉంటే దాని అవుట్‌పుట్ వైపు కెపాసిటర్ అసలు పెట్టకూడదు.

ఇక చల్లదనం. కెపాసిటర్ పెట్టినా మోటారు వైండింగ్‌లో పారేది ఆ 53.5 ఆంపియర్లే. తగ్గేది కెపాసిటర్‌కు వెనక, అంటే సప్లయి వైపు. వైండింగ్ వేడి మారదు. పైగా ఇక్కడో చిక్కుంది. కెపాసిటర్‌ను ఓవర్‌లోడ్ రిలే తర్వాత కడితే రిలేకు కనిపించేది 43.6 మాత్రమే. పాత సెట్టింగే ఉంచితే మోటారు ఓవర్‌లోడ్ అయినా రిలే ఆలస్యంగా స్పందిస్తుంది. కెపాసిటర్‌ను రిలేకు ముందు కట్టాలి, లేదా సెట్టింగ్ తగ్గించాలి.

బిల్లు మాట మీటరును బట్టి ఉంటుంది. కిలోవాట్ అవర్లు మాత్రమే లెక్కించే మీటరైతే 30 కిలోవాట్లు 30గానే ఉంటాయి. కేబుల్ నష్టంలో మాత్రం మూడో వంతు మిగులుతుంది. కేబుల్లో పోయేదే 2 శాతమైతే మిగిలేది ఒక శాతం కూడా కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో హెచ్‌టీ వినియోగదారులకు బిల్లు, రియాక్టివ్ పవర్‌ను కూడా కలుపుకునే కేవీఏహెచ్‌లో వస్తుంది. అక్కడ లాభం నిజమే: 38.5 కేవీఏ 31.3 అవుతుంది, ఇంచుమించు 18.5 శాతం తగ్గుదల. అదీ ఈ మోటారు భాగం వరకే, మొత్తం ఫ్యాక్టరీ బిల్లుకు కాదు. లీడింగ్‌ను కూడా లెక్కించే మీటరైతే, అతిగా పెట్టిన కెపాసిటర్ బిల్లునే పెంచుతుంది.

కొనేటప్పుడు ప్లేట్ మీద వోల్టేజీ చూడండి. 440 వోల్ట్లకు 15 అని రాసిన యూనిట్, 415 మీద 13.3 కేవీఏఆరే ఇస్తుంది, ఎందుకంటే అది వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. అప్పుడు పవర్ ఫ్యాక్టర్ 0.94 దగ్గర ఆగుతుంది. దాని లీడుకు టాంగ్ పెడితే ఫేజుకు 18.5 ఆంపియర్లు రావాలి. కొన్నాళ్లకు ఏ ఫేజులోనైనా తగ్గి కనిపిస్తే లోపలి సెల్ పోతున్నట్టే. మోటారు వైపు వెతకకుండా కెపాసిటర్ మార్చేయండి.