ర్యాంకు మారింది, రికార్డింగు మారలేదు

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర టీ తాగే కుర్రాళ్ల మధ్య గిటార్ మాట వస్తే చాలు, గొప్ప రాక్ గిటారిస్టు ఎవరన్న వాదన లేస్తుంది. ఒకరు జిమి హెండ్రిక్స్ అంటే ఇంకొకరు ఎడ్డీ వాన్ హాలెన్ అంటారు. చివరికి ఎవరో ఫోన్ తీసి రోలింగ్ స్టోన్ పత్రిక జాబితా చూపిస్తారు. అంతటితో వాదన తేలిపోయిందనుకుంటారు. తేలలేదని ఆ జాబితాలే చెబుతున్నాయి.

2003లో ఆ పత్రిక వేసిన వంద మంది జాబితాలో వాన్ హాలెన్‌ది 70వ స్థానం. 2011లో 8వది. 2023లో 4వది. ఆయనకు పేరు తెచ్చిన గిటార్ సోలో ‘ఎరప్షన్’ 1978 నాటిది, రెండు నిమిషాలు కూడా ఉండదు. కుడిచేతి వేళ్లతో ఫ్రెట్ల మీద తట్టి స్వరాలు పలికించే ట్యాపింగ్ పద్ధతిని అంతటా ప్రచారం చేసింది అదే. 70 ఇచ్చిన రోజూ, 4 ఇచ్చిన రోజూ ఆ రికార్డింగులో ఒక్క స్వరం అటూ ఇటూ కాలేదు. మారింది తీర్పరులు. 2003 జాబితా డేవిడ్ ఫ్రిక్ అనే ఒక్క విమర్శకుడిది. 2011లో సంగీతకారులూ ఉన్న బృందం ఓట్లు వేసింది.

పోనీ, కొలిచే చూద్దామా? వేగం కొలవొచ్చు. నిమిషానికి 120 బీట్ల లయలో బీటుకు నాలుగు స్వరాలంటే సెకనుకు 8. అందులో ఎవరు తడబడ్డారో కంప్యూటరే చూపిస్తుంది. శ్రుతి దగ్గరికొచ్చేసరికి చిక్కొస్తుంది. బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ తీగను వేలితో పక్కకు లాగి స్వరాన్ని పైకి జరుపుతాడు. బ్లూస్‌లో గాంధారాన్ని చాలాసార్లు సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్యలోనే నిలుపుతారు. ట్యూనర్ ముల్లు ఏ గీత మీదా ఆగదు, అపశ్రుతి అంటుంది. వినేవాడికి మాత్రం ఆ పాటలో ప్రాణం అక్కడే ఉంది. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ పాఠాలు చెప్పిన ఊరికి గమకం గురించి వేరే చెప్పాలా?

హెండ్రిక్స్ మూడు జాబితాల్లోనూ మొదటివాడే కదా అని అడగొచ్చు. ఆయనకంటే వేగంగా వాయించేవాళ్లు తర్వాత ఎందరో వచ్చారు. యాంప్లిఫయర్ ఎదుట గిటార్ పెడితే పుట్టే ఫీడ్‌బ్యాక్ కూత మామూలుగా ఒక లోపం. ఆయన దాన్ని అదుపులో పెట్టి పాటలో భాగం చేశాడు. విమర్శకులు మొదటి స్థానం ఇస్తున్నది ఇలాంటి వాటికి. అది సమంజసమేనని మేమూ నమ్ముతాం. కానీ అది కూడా అభిరుచే, కొలత కాదు. శుభ్రంగా పలికిన స్వరమే గొప్పదనుకునేవాడు మరొకరిని ఎంచుకుంటాడు, అతన్ని తప్పుపట్టలేం.

మన కాలేజీల్లో గిటార్ పోటీలు పెట్టేవారు ఈ తేడాను మార్కుల షీటులోనే చూపించాలి. లయ తప్పకపోవడానికి కొన్ని మార్కులు, అనుభూతికి కొన్ని విడివిడిగా వేసి, ఏ తీర్పరి ఎంత వేశారో గోడ మీద అంటించాలి. రెండో స్థానం వచ్చిన కుర్రాడికి తన లయ తప్పిందో, తీర్పరికి తన బాణీ నచ్చలేదో అప్పుడే తెలుస్తుంది.