ఇందుమూలంగా కృతజ్ఞతలు

పన్నెండేళ్ల పిల్ల రాసిన నాలుగు వాక్యాల ఉత్తరాన్ని 'కాస్త సున్నితంగా సరిదిద్దడానికి' మా ఇంట్లో నలుగురు పెద్దవాళ్లు కూర్చోవలసి వచ్చింది. పిల్లనెవరూ ఒక్క మాట అనలేదు, అందరూ నవ్వుతూనే ఉన్నారు. ఉత్తరం మాత్రం పోయింది.

మా అన్నయ్య కూతురు స్కూలు తరఫున జర్మనీ వెళ్లి, ఫ్రైబుర్గ్ దగ్గర ఒక కుటుంబంతో రెండు వారాలు ఉండి వచ్చింది. రాగానే ఎవరూ చెప్పకుండానే వాళ్లకి జర్మన్‌లో థాంక్స్ రాసింది. అప్పటికప్పుడే పోస్టులో పడేసి ఉండాల్సింది. కానీ వాళ్ల నాన్న చూశాడు. మా ఇంట్లో నాన్నలు చూశాక ఏ కాగితమూ ఉన్నట్టు ఉండదు.

మొదటి వాక్యం, 'ఇష్ డాంకె జీ.' మీకు థాంక్స్ అని పిల్ల ఉద్దేశం. ఆన్‌లైన్ ట్యూషన్ మేడమ్ చాలా మృదువుగా 'జీ' కొట్టేసి 'ఈనెన్' అని రాశారు. ఎందుకో చెప్పలేదు. "రూల్ అంతే, నాన్నా" అన్నారు. ఆ రూల్ మన నోట్లో పుట్టినప్పటినుంచీ ఉంది తల్లీ! మనం 'మిమ్మల్ని థాంక్స్' అంటామా? 'మీకు' అంటాం. జర్మన్ వాడూ 'కు' పెట్టే అంటాడు. రెండో వాక్యం 'ఇష్ వార్ కాల్ట్' కూడా ఇంతే. పిల్ల చెప్పాలనుకున్నది చలేసిందని, రాసింది తానో మనసులేని మనిషినని. అది 'మీర్ వార్ కాల్ట్' అవ్వాలి. అంటే ఏమిటి? నాకు చలేసింది. నేను చలిని కాదు, నాకు చలి! అచ్చంగా మన వాక్యమే. కానీ ఆ క్లాసులో తెలుగు మాట్లాడితే పాయింట్లు కట్. జర్మన్‌ని ఇంగ్లీషు మీదుగా తిప్పి తెచ్చి, దారిలో పడిపోయిన 'కు' కోసం నెలకింత ఫీజు పెట్టి వెతికిస్తున్నారు.

పోనీ, ఆ 'ఈనెన్' అయినా సరైనదా? మన 'మీకు' పెద్దవాళ్లకీ సరిపోతుంది, పదిమందికీ సరిపోతుంది. జర్మన్‌లో ఆ రెండూ వేరు. 'ఈనెన్' బ్యాంకు మేనేజరుకి. రెండు వారాలు ఒకే టేబుల్ దగ్గర సాయంత్రం పూట చల్లటి బ్రెడ్డూ చీజూ పంచుకుని తిన్న ఇంట్లోవాళ్లకి 'ఓయిష్'. గ్రామర్ పాసైంది, పిల్ల గుమ్మం బయట నిలబడింది.

ఇక మా బావగారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పదకొండేళ్లుగా ఉంటూ, ఆఫీసులో ఇంగ్లీషూ ఇంట్లో తెలుగూ మాట్లాడే ఈయన వీడియో కాల్‌లో ప్రత్యక్షమై, "జర్మన్స్ చాలా ఫార్మల్ బావా" అని తీర్పిచ్చారు. 'లీబె ఫమీలియె' అని ప్రేమగా మొదలైన ఉత్తరం 'జేర్ గెఏర్టె ఫమీలియె' అయింది, అంటే మిక్కిలి గౌరవనీయులైన కుటుంబము. దాని కింద 'హీర్‌మిట్' అని వచ్చింది. హీర్‌మిట్ అంటే ఇందుమూలంగా. ఇన్సూరెన్స్ రద్దు చేసుకునేవాళ్లూ, ఇల్లు ఖాళీ చేస్తామని ఓనరుకి నోటీసిచ్చేవాళ్లూ వాడే మాట. ఇందుమూలంగా మీ ఆతిథ్యమునకు హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేయునది! పిల్ల సంతకం ఒక్కటే వంకరగా ఉంది, దాన్ని కూడా మళ్లీ పెట్టించారు. ఇంతమంది పండితుల్లో ఒక్కరికీ తట్టని సంగతి: సంబోధన తర్వాత కామా పెడితే కింది వాక్యం చిన్న అక్షరంతో మొదలవ్వాలి. ఇంగ్లీషు అలవాటుకొద్దీ ఆ 'హీర్‌మిట్' తల మీద పెద్ద అక్షరం అలాగే కూర్చుంది.

ఇదంతా నవ్వుకుని వదిలేసేవాణ్ణి. చివరి వాక్యం దగ్గర నావల్ల కాలేదు. పిల్ల ఇలా రాసింది: 'దేర్ హున్ట్ హాట్ మిష్ ఫెర్‌ష్టాండెన్.' కుక్క నన్ను అర్థం చేసుకుంది. కర్త సరైనది, 'నన్ను' సరైనది, క్రియ రెండో ముక్క బుద్ధిగా చివరికి వెళ్లింది. ఉత్తరం మొత్తంలో ఒక్క తప్పూ లేని వాక్యం అదే. మేడమ్ దాన్ని కొట్టేశారు. "వాళ్లు ఫీలవుతారు" అట! పరాయి దేశంలో, మాట రాక, చలేస్తోందని కూడా సరిగ్గా చెప్పలేక, రాత్రిళ్లు కుక్క పక్కన కూర్చున్న పిల్ల చెప్పిన ఒకే ఒక్క నిజం అది. దాన్ని కొట్టేయడానికి మీకు చెయ్యెలా వచ్చింది? తప్పులుంటే దిద్దండి, జీతం తీసుకుంటున్నారు కనుక. తప్పు లేని మాటని ఏం చేద్దామని?

నిన్న జవాబు వచ్చింది. పిల్లకి కాదు, మా అన్నయ్యకి. 'జేర్ గెఏర్టర్ హెర్' అని మొదలుపెట్టి, మీ ఉత్తరం అందిందని ఎంతో మర్యాదగా రాశారు. కింద చేత్తో ఒక ముక్క ఉంది. 'గేట్ ఎస్ ఈర్ గూట్?'

అమ్మాయికి ఒంట్లో బాగానే ఉందా?